రెండు దశాంశాల మోజు

"రిపోర్టులోని అన్ని ఫలితాలనూ రెండు దశాంశ స్థానాలకు ఇవ్వాలి." మా ల్యాబ్ రిపోర్టులన్నీ ఒకే తీరుగా ఉండాలని క్వాలిటీ విభాగం వాళ్లు తయారుచేసిన ముసాయిదాలో మొదటి నియమం ఇది. మిగతావి బాగానే ఉన్నాయి. యూనిట్‌కి ముందు ఖాళీ వదలాలి, పాయింటుకి ముందు సున్నా రాయాలి, వాక్యాన్ని అంకెతో మొదలుపెట్టకూడదు, ఇలాంటివి. వాటి మీద చిన్నాచితకా అభ్యంతరాలున్నా సంతకం పెట్టేసేదాన్నే. ఈ మొదటి నియమం దగ్గర మాత్రం పెన్ను కదల్లేదు.

"ఎందుకు మేడమ్? టేబుల్ ఎంత నీట్‌గా వస్తోందో చూడండి," అన్నాడు ముసాయిదా రాసిన కుర్రాడు, ప్రింటు తీసిన నమూనా ముందు పెట్టి. నిజమే. పాయింట్లన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగీత గీసినట్టు ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నా గొడవంతా ఆ ముచ్చటతోనే.

హైదరాబాద్‌లో నీటి పరీక్షలు చేసే చిన్న ల్యాబ్ మాది. అపార్ట్‌మెంట్ల బోర్లు, హోటళ్లు, వాటర్ ప్లాంట్లు, అప్పుడప్పుడూ ఫ్యాక్టరీల మురుగునీళ్లు వస్తుంటాయి. తాగునీళ్లయితే భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012తో పోల్చి చెబుతాం. అందులో పాదరసానికి లిమిట్ 0.001 mg/L. ఒక శాంపిల్‌లో పాదరసం 0.004 వచ్చిందనుకోండి, అంటే లిమిట్‌కి నాలుగు రెట్లు. రెండు దశాంశాల నియమం పెడితే రిపోర్టులో అది 0.00 అవుతుంది. లిమిట్ గడికీ అదే ఫార్మాట్ పెట్టారు కాబట్టి అక్కడా 0.00. సున్నా పక్కన సున్నా, ఎదురుగా "పాస్". విషం ఉన్న నీళ్లకి ఇంత శుభ్రమైన రిపోర్టు ఇంకెవరూ ఇవ్వలేరు.

అదే టేబుల్‌లో రెండు వరుసలు పైకి వెళ్తే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం. వడగట్టిన నీళ్లని ఆవిరి చేసి, మిగిలినదాన్ని 180 °C దగ్గర ఆరబెట్టి తూస్తాం. లెక్క వేస్తే కాలిక్యులేటర్ 512.37 చూపిస్తుంది. అదే బాటిల్‌లోంచి ఇంకోసారి తీసి చేస్తే 508 రావచ్చు, 517 రావచ్చు. యూనిట్ల స్థానంలో అంకే నిలకడగా లేనిచోట పాయింటు తర్వాత 37కి ఉన్న విలువ నేతిబీరకాయలో నెయ్యంత. అలా ఒక వరుసలో ఉన్నదాన్ని దాచిన నియమమే ఇంకో వరుసలో లేనిదాన్ని చూపిస్తోంది. ఒకే తీరు అంటే కంటికి ఒకేలా కనబడటం అనుకుంటే ఇలాగే అవుతుంది.

నేను కుర్రాడికి చెప్పింది ఇంతే. దశాంశాలు ఎన్ని అన్నది ప్రతి పరామితికీ విడిగా తేల్చాలి. అది తేల్చే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. ఆ పద్ధతి మనం కనిపెట్టక్కర్లేదు. ఐఎస్ ప్రమాణాల ముందుమాటల్లో మామూలుగా ఒక వాక్యం ఉంటుంది, ఎవరూ చదవరు. ఫలితం ప్రమాణానికి సరిపోయిందో లేదో తేల్చేటప్పుడు చివరి విలువని రౌండింగ్ ప్రమాణమైన ఐఎస్ 2 ప్రకారం రౌండ్ చేయాలి, ప్రమాణంలో ఇచ్చిన విలువలో ఎన్ని స్థానాలుంటే రౌండ్ చేసిన ఫలితంలోనూ అన్ని స్థానాలే ఉంచాలి అని దాని సారాంశం. అంటే ఫలితానికి ఎన్ని దశాంశాలో లిమిటే చెబుతుంది. లిమిట్ 0.001 అయితే ఫలితానికి మూడు, 1.5 అయితే ఒకటి, 45 అయితే అసలేం లేవు.

ఇందులో నాకూ ఒకచోట సందేహం లేకపోలేదు. టీడీఎస్ లిమిట్ 500. ఇందులో లెక్కలోకి వచ్చే స్థానాలు మూడా, ఒకటా? ఒకటే అని మొండిగా వాదిస్తే 540 కూడా 500 అయిపోతుంది, అంత అన్యాయం ఎవరూ చేయరు. యూనిట్ల వరకు ఇవ్వడం అందరికీ అలవాటైపోయింది, మేమూ అదే చేస్తాం. కానీ ఆ మాట ప్రమాణంలోని 500 దానంతటది చెప్పదు. అందుకే మన కాగితం మీద మనం రాసుకోవాలి.

ఎగిరిపోయిన సున్నా

ఇదంతా చాదస్తం అనిపించేవాళ్ల కోసం ఒక సంగతి. మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు, రిటైరైన పెద్దాయన, రెండు రిపోర్టులు పట్టుకుని వచ్చారు. ఒకటి మాది, ఒకటి ఇంకో ల్యాబ్‌ది. ఒకే బోరు, ఒకే రోజు నింపిన బాటిళ్లు. మా రిపోర్టులో ఫ్లోరైడ్ 1.4 mg/L, లిమిట్ 1.0, దాటింది. వాళ్ల రిపోర్టులో ఫ్లోరైడ్ 1, లిమిట్ 1, దాటలేదు. "అమ్మా, మీ ఇద్దరి సంగతి మీరు తేల్చుకోండి. ఇంతకీ ఈ నీళ్లు తాగొచ్చా, తాగకూడదా?" అన్నారాయన. నల్గొండ పేరు వినని వాళ్లు ఇక్కడ లేరు కదా, ఫ్లోరైడ్ అనేసరికి ఆయన కంగారు ఆయనది.

ఆయన చేతే ఆ ల్యాబ్‌కి ఫోన్ చేయించి మీటరు మీద వచ్చిన అసలు రీడింగ్ అడిగించాను. 1.38 అట. మాది 1.41. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో రెండు వేర్వేరు చోట్ల చేసిన పరీక్షకి ఇంత దగ్గరగా రావడమంటే ఇద్దరూ పని బాగా చేసినట్టే. నీళ్లలో తేడా లేదు, మీటర్లలో తేడా లేదు. తేడా అంతా లిమిట్ గడిలో ఉంది.

ప్రమాణంలో ఫ్లోరైడ్‌కి రెండు అంకెలుంటాయి. కోరదగిన లిమిట్ 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం సరిపెట్టుకోదగిన లిమిట్ 1.5. ఆ ల్యాబ్ రిపోర్టులో మొదటిది 1.0 కాకుండా 1 అని పడింది. పక్కన 1.5 మాత్రం 1.5గానే ఉంది. ఈ గుర్తు చూస్తే చాలు, లిమిట్ల పట్టిక ఎప్పుడో ఒకసారి ఎక్సెల్‌లోంచి వెళ్లిందని చెప్పేయొచ్చు. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే సీఎస్‌వీ ఫైల్‌లో ఇలా ఉంటుంది:

```
Fluoride,mg/L,1.0,1.5
```

ఎవరో ఏదో చిన్న సవరణ కోసం ఆ ఫైల్‌ని నేరుగా ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తారు. ఈ వరుసని ఎవరూ ముట్టుకోరు. అయినా ఇలా మారుతుంది:

```
Fluoride,mg/L,1,1.5
```

ఎక్సెల్‌కి 1.0 అయినా 1 అయినా ఒకటే సంఖ్య, సున్నాని అనవసరం అనుకుని తీసేస్తుంది. లెక్కల మాస్టారిని అడిగినా అదే చెబుతారు. కానీ పైన చెప్పిన నియమంతో కలిపి చూడండి. లిమిట్ 1 అయితే ఫలితానికి దశాంశాలే ఉండవు. 1.38 కాస్తా 1 అవుతుంది. 1.49 వరకు ఏది వచ్చినా 1 అయి పాసైపోతుంది. సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు, రౌండింగ్ నియమాన్ని తుచ తప్పకుండా పాటించింది. ఒక సున్నా ఎగిరిపోవడంతో కోరదగిన లిమిట్ దాదాపు సరిపెట్టుకోదగిన లిమిట్‌గా మారిపోయింది.

మా కుర్రాడి రెండు దశాంశాల నియమం దీన్ని ఇంకో వైపు లాగుతుంది. లిమిట్‌ని 1.00గా రాశామనుకోండి. అప్పుడు 1.04 వచ్చిన శాంపిల్ ఫెయిల్. అసలు ప్రమాణంలో ఉన్నట్టు 1.0తో పోలిస్తే 1.04 రౌండ్ అయి 1.0, పాస్. ప్రమాణం రాసినవాళ్లు పెట్టని కట్టుదిట్టం మనం టేబుల్ అందం కోసం పెట్టేశాం. 1, 1.0, 1.00 ఈ మూడూ లెక్కల పుస్తకంలో ఒకటే. లిమిట్ గడిలో మాత్రం మూడు వేర్వేరు చట్టాలు.

ఆ పెద్దాయనకి చివరికి చెప్పింది ఏమిటంటే, రెండు ల్యాబులూ చెబుతున్నది సుమారు 1.4, అది 1.0కి ఎక్కువ, 1.5కి తక్కువ. మీ కాంప్లెక్సుకి మున్సిపల్ నల్లా ఉంది కాబట్టి "వేరే వనరు లేదు" అనే మాట మీకు వర్తించదు, తాగడానికీ వంటకీ నల్లా నీళ్లు వాడుకుని బోరు నీళ్లని మిగతా వాటికి ఉంచండి అన్నాను. ఆయన రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఈ మాట రిపోర్టులో రాస్తే సరిపోయేది కదమ్మా" అన్నారు. అది వేరే వ్యాసం.

సరిగ్గా అయిదు దగ్గర

లిమిట్ ప్రకారం దశాంశాలు అని ఒప్పుకున్నాక ఇంకో ముడి వస్తుంది. ఫలితం సరిగ్గా 1.05 అయితే? బళ్లో అందరం నేర్చుకున్నది అయిదొస్తే పైకి. అలా చేస్తే 1.1, ఫెయిల్. ఎక్సెల్‌లో `=ROUND(1.05,1)` అని కొట్టినా 1.1 వస్తుంది. కానీ ఐఎస్ 2 అలా చెప్పదు. వదిలేసే భాగం సరిగ్గా అయిదే అయితే, ఉంచే చివరి అంకె సరి సంఖ్య అయితే అలాగే ఉంచమంటుంది, బేసి అయితే ఒకటి పెంచమంటుంది. 1.05లో ఉంచే అంకె 0, సరి సంఖ్య. కాబట్టి 1.0, పాస్. ఎప్పుడూ పైకే తోస్తూపోతే మొత్తమ్మీద ఫలితాలన్నీ కాస్త ఎక్కువవైపు వాలతాయి కాబట్టి ఈ ఏర్పాటు. మందుల కంపెనీల నుంచి మా దగ్గరికి వచ్చిన పిల్లలకి ఇది మింగుడుపడదు. అమెరికా ఫార్మకోపియా అయిదుని పైకే తోయమంటుంది. వాళ్లు అక్కడ చేసిందీ కరెక్టే, ఇక్కడ చేయాల్సిందీ కరెక్టే. ఏ ప్రమాణంతో పోలుస్తున్నామో దాని రౌండింగ్ దానికే.

ఇంకా ఎక్కువగా జరిగేది రెండుసార్లు రౌండ్ చేయడం. మీటరు 1.548 చూపిస్తుంది. అనలిస్టు నోట్‌బుక్‌లో 1.55 అని రాసుకుంటాడు, మూడో అంకె ఎందుకులే అని. రిపోర్టు టైప్ చేసేవాళ్లు దాన్ని ఒక దశాంశానికి తెస్తారు, 1.6 అవుతుంది, 1.5 లిమిట్ దాటింది. నేరుగా 1.548ని ఒక్క మెట్టులో రౌండ్ చేస్తే 1.5, దాటలేదు. మధ్యలో ఎవరూ తప్పు చేసినట్టు కనబడరు. అందుకే నోట్‌బుక్‌లో మీటరు చూపించినన్ని అంకెలూ రాయాలి, లెక్కంతా వాటితోనే చేయాలి, రౌండింగ్ ఆఖర్న ఒక్కసారే. ఐఎస్ 2 కూడా ఒక్క మెట్టులోనే చేయమంటుంది. ముసాయిదాలో "అన్ని దశల్లోనూ రెండు దశాంశాలు" అని ఉన్న మాటని నేను గట్టిగా కొట్టేసింది ఇందుకే.

ఇక్కడ తెలివైన వాళ్లు ఒక ప్రశ్న వేస్తారు, అది నన్నూ కొంతకాలం తొలిచింది. ఫ్లోరైడ్ కొలతలో అనిశ్చితి ఎంత లేదన్నా రెండో దశాంశంలో కొన్ని అంకెలుంటుంది. 1.04కీ 1.06కీ తేడా ఎలక్ట్రోడ్‌కే తెలియనప్పుడు ఒకదాన్ని పాస్, ఇంకోదాన్ని ఫెయిల్ అని ఈ రౌండింగ్ గొడవలు దేనికి? నిజమే, తెలియదు. కానీ గీత ఎక్కడ గీసినా దాని రెండు పక్కలా ఇలాంటి జంటలు ఉంటాయి. గీత ఎక్కడుందో రీడింగ్ చూడకముందే రాసి ఉండటం ముఖ్యం. లేకపోతే 1.05 వచ్చిన రోజు, శాంపిల్ తెచ్చింది మంచి క్లయింట్ అయితే, "ఎక్సెల్ కాదులే, చేత్తో రౌండ్ చేద్దాం" అనే బుద్ధి పుడుతుంది. ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17025:2017 కూడా పాస్, ఫెయిల్ చెప్పే ల్యాబ్ ఆ నిర్ణయ నియమాన్ని రాసి ఉంచుకోవాలంటుంది. అనిశ్చితిని విడిగా ఇవ్వాల్సి వస్తే దాని దశాంశాలూ ఫలితంతో సమానంగా ఉండాలి. 1.41 ± 0.08 అంటే అర్థముంది. 1.41 ± 0.0832 అంటే, ఎంత తెలియదో మాత్రం నాలుగు దశాంశాల వరకు తెలుసని చెప్పుకున్నట్టు.

చివరి సున్నా మీద ఇంకో అభ్యంతరం మా ఇంట్లోనే వచ్చింది. మా ఆడపడుచు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తుంది. "వదినా, మా దగ్గర 1.0 mg అని రాస్తే ఊరుకోరు. పాయింటు కనబడకపోతే పది అనుకుని ఇచ్చేస్తారు" అంది. అది నూటికి నూరుపాళ్లు నిజం. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని రాతల జాబితా ఒకటి పెట్టింది. పాయింటు తర్వాత చివరి సున్నా అందులో ఉంది, పాయింటుకి ముందు సున్నా లేకుండా .5 అని రాయడమూ ఉంది. అయితే ఆ జాబితాలోనే ల్యాబ్ ఫలితాలకి చివరి సున్నా విషయంలో మినహాయింపు ఉంది, ఎంత ఖచ్చితంగా కొలిచామో చెప్పడానికి అది కావాలి కాబట్టి. మందు చీటీ మీద అంకె ఇంత ఇవ్వమని చెప్పే ఆదేశం. రిపోర్టు మీద అంకె ఇంతవరకే చూడగలిగాం అని చెప్పే సాక్ష్యం. రెండిటికీ ఒకే నియమం పెట్టాలనుకోవడం కూడా ఆ రెండు దశాంశాల మోజులాంటిదే. ముందున్న సున్నా మాత్రం ఎక్కడైనా ఉండాల్సిందే. మూడోసారి జిరాక్స్ తీసిన కాగితం మీద .5 చూసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు.

ఏమీ కనబడనప్పుడు రాసే సున్నా గురించి కూడా ఒక మాట. 0.00 అనో, నిల్ అనో రాయడం మా దగ్గర మానేశాం. మేం నమ్మకంగా కొలవగలిగిన కనిష్ఠం ఎంతో దానికి తక్కువ అని రాస్తాం, < 0.0005 mg/L ఇలా. ఆ కనిష్ఠం లిమిట్ కంటే ఎక్కువైతే ఆ పరీక్షే దండగ. ఉత్త "నిల్" చదివినవాళ్లకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఖాళీలూ, గుర్తులూ

ఇవి తేలికైనవి, తొందరగా దాటేస్తాను. అంకెకీ యూనిట్‌కీ మధ్య ఒక ఖాళీ, 1.4 mg/L. లీటరుకి పెద్ద L, ఎందుకంటే చిన్న l పక్కన 1 ఉంటే ఏది ఏదో తెలియదు. అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ 1979లో L ని ఒప్పుకున్నదీ ఈ గందరగోళం వల్లే. ఆ ఖాళీ మామూలు ఖాళీ అయితే వరుస చివర 1.4 మిగిలి, mg/L కింద వరుసలోకి జారిపోతుంది. వర్డ్‌లో Ctrl+Shift+Space కొడితే రెండూ అతుక్కుని ఉంటాయి. pH కి యూనిట్ లేదు. అంతే.

అసలు నష్టం చేసేవి గుర్తులు. డిగ్రీ గుర్తు ఎక్కడుందో వెతకడానికి బద్ధకించి చాలామంది సున్నా కొట్టి దాన్ని పైకెత్తుతారు. వర్డ్‌లో చూడ్డానికి అచ్చం డిగ్రీలాగే ఉంటుంది. ఆ వాక్యాన్ని రిపోర్టు సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ఫార్మాటింగ్ పోతుంది, సున్నా కిందకి దిగుతుంది. మా టీడీఎస్ పద్ధతి వివరణ అలా ఒకసారి 1800C అని అచ్చయి బయటికి పోయింది. క్లయింట్ కంపెనీ ఇంజనీర్ ఫోన్ చేసి, "మేడమ్, ఇనుము 1538 దగ్గరే కరిగిపోతుంది, మీ ఓవెన్ దేనితో చేశారండీ" అని ఒకటే నవ్వు. గుర్తుని గుర్తుగానే కొట్టాలి, అంకెని డిగ్రీలా అలంకరించకూడదు. మైక్రో గుర్తుదీ ఇదే కథ. µ కి బదులు గ్రీకు ఫాంట్ పెట్టిన m వాడితే, ఫాంట్ మారిన చోట µg/L కాస్తా mg/L అవుతుంది, వెయ్యి రెట్లు.

కామాల దగ్గర మనది మనకే ప్రత్యేకం. జీడిమెట్ల వైపు నుంచి వచ్చే మురుగునీళ్లలో టీడీఎస్ లక్ష దాటడం వింతేమీ కాదు. 1,24,000 mg/L అని రాస్తే మనకి చక్కగా లక్షా ఇరవై నాలుగు వేలు. అదే రిపోర్టు విదేశీ కొనుగోలుదారు ఆడిటర్ చూస్తే, ఒక అంకె ఎగిరిపోయిందేమో అంటాడు. మూడేసి అంకెలకి సన్నని ఖాళీ వదిలి 124 000 అని రాయమంటుంది ఎస్ఐ పద్ధతి. ఆ ఖాళీని ఎక్సెల్ అంకెగా ఒప్పుకోక అక్షరాలుగా తీసుకుంటుంది. ఈ పీడ లేకుండా మేం యూనిట్ మార్చేస్తాం, 124 g/L. కామా లేదు, ఖాళీ లేదు, చివర మూడు సున్నాలు నిజంగా కొలిచినవా కాదా అన్న అనుమానమూ లేదు.

శాతాలు

శాతం గుర్తుకి ముందు ఖాళీ ఉండాలా వద్దా అని మా వాళ్లు ఒక పూటంతా కొట్టుకున్నారు. ఎస్ఐ పద్ధతిలో ఉండాలి, 76 %. పత్రికలన్నీ అతికించి 76% అంటాయి. నన్నడిగితే ఏదైనా ఒకటి ఎంచుకుని మాట మార్చకుండా ఉంటే చాలు. యూనిట్లన్నిటికీ ఖాళీ ఇస్తున్నాం కాబట్టి దీనికీ ఇచ్చాం, గొడవ వదిలింది. దీనివల్ల ఎవరి నీళ్లూ మారవు.

మార్చేది దశాంశాలే, ఇక్కడ కూడా. ఫ్లోరైడ్ తీసే ఫిల్టర్ ఒకటి పరీక్షకి వచ్చింది. లోపలికి వెళ్లే నీళ్లలో 4.2 mg/L, బయటికి వచ్చినవాటిలో 1.0. తగ్గింది 3.2, అంటే 4.2లో 76.19 శాతం. కంపెనీవాళ్లకి ఆ 76.19 తెగ నచ్చింది, బ్రోషర్‌లో వేసుకుంటామన్నారు. కానీ 4.2 అంటే 4.15 నుంచి 4.25 దాకా ఏదైనా కావచ్చు, 1.0 అంటే 0.95 నుంచి 1.05 దాకా. అటు కొసా ఇటు కొసా పెట్టి లెక్క వేస్తే శాతం 75 దగ్గర్నుంచి 78 దగ్గరి దాకా ఊగుతుంది. అలాంటప్పుడు 76 అన్నదే కాస్త ధైర్యం చేసి చెప్పిన మాట, .19 ఎక్కడినుంచి వచ్చింది? భాగహారంలోంచి. కొలిచిన అంకెల్లో లేని ఖచ్చితత్వం భాగిస్తే పుట్టదు. మేం 76 % అనే ఇచ్చాం. "పోటీ కంపెనీ రిపోర్టులో 81.43 ఉంది మేడమ్, మాది సగం చెప్పినట్టుంది" అని వాళ్లు నొచ్చుకున్నారు.

శాతంతో ప్లస్ ఆర్ మైనస్ వచ్చినప్పుడు మాత్రం బ్రాకెట్ తప్పనిసరి. గదిలో తేమ 50 ± 5 % అంటే 45 నుంచి 55 అనా, యాభైలో అయిదు శాతం అంటే 47.5 నుంచి 52.5 అనా? (50 ± 5) % అని రాస్తే మొదటిదే.

వాక్యం మొదట్లో అంకె

ఇది ఉత్త స్కూలు వ్యాకరణం అనుకునేదాన్ని, ఒక ఇంగ్లీష్ రిపోర్టులో పద్ధతి వివరించే పేరా చదివేదాకా. ఒక వాక్యం pH ని 7కి తెచ్చామని చెప్పి ముగిసింది. తర్వాతి వాక్యం 25 mL శాంపిల్‌తో మొదలైంది. కాగితం మీద కంటికి కనబడింది ఇది:

```
pH 7. 25 mL
```

చదివేవాళ్లు pH 7.25 అనుకుంటే తప్పు వాళ్లది కాదు. వాక్యం ముగించే చుక్కా, దశాంశం చుక్కా ఒకటే. అంకెతో ముగిసిన వాక్యం పక్కన అంకెతో మొదలైన వాక్యం పడితే రెండూ కలిసిపోతాయి. మధ్యలో ఉన్న ఒక్క ఖాళీ మీద భారం వేసి కూర్చోవాల్సిందే.

అయితే దీనికి చాలామంది చెప్పే మందు రోగం కంటే చెడ్డది. వాక్యం మొదట్లో అంకె వస్తే అక్షరాల్లో రాయమంటారు. పన్నెండు బాటిళ్లు, మూడు బోర్లు అన్నప్పుడు సరే, అవి లెక్కపెట్టినవి. కొలిచిన విలువని అక్షరాల్లోకి మారిస్తే దశాంశం ఏమవుతుంది? మా వాడు ఒకడు 25.0 mL ని ఇరవై అయిదు mL అని ఇంగ్లీష్‌లో పొడుగ్గా రాసి తెచ్చాడు. నియమం పాటించాడు, సున్నా పోయింది. 25.0 అంటే పిపెట్‌తో తీశామని పనిలో ఉన్నవాళ్లకి అర్థమవుతుంది, ఉత్త ఇరవై అయిదంటే కొలజాడీతో పోసి ఉండొచ్చు. పైగా అక్షరాల్లో అంకె, పక్కన mL అనే గుర్తు, అతుకుల బొంత. కాబట్టి అంకెని ముట్టుకోకుండా వాక్యాన్నే తిప్పాలి. శాంపిల్‌తో మొదలుపెట్టి పరిమాణాన్ని తర్వాత చెబితే సరి. తెలుగులో ఇది చిటికెలో పని, ఇంగ్లీష్‌లోనూ పెద్ద కష్టం కాదు. టేబుల్ గడులకీ, వరుస నంబర్లు వేసిన స్టెప్పులకీ ఈ నియమం అక్కర్లేదని కూడా రాసుకున్నాం. లేకపోతే ప్రతి గడిలోనూ ఒక మాట ఇరికించేలా ఉన్నారు.

ఈ నియమంతో ఇంకా తెగని పంచాయితీ ఒకటుంది. ఐఎస్ 10500 పురుగుమందుల జాబితాలో 2,4-D ఉంది. వాక్యం దాని పేరుతో మొదలైతే? అది పరిమాణం కాదు, పేరు, అలాగే వదిలేయమంటాను నేను. ముసాయిదా రాసిన కుర్రాడు మాత్రం ఒప్పుకోడు, నియమం అంటే నియమమే మేడమ్ అంటాడు. నా టేబుల్ మీదికి వచ్చేసరికి 2,4-D ఎప్పుడూ వాక్యం మధ్యలోనే ఉంటోంది. లిమిట్ 30 µg/L అని దశాంశాలేమీ లేకుండా సరిగ్గానే ఇస్తున్నాడు కాబట్టి నేనూ సంతకం పెట్టేస్తున్నాను.